సీసపు బెలూన్ కథ

టవర్ డిఫెన్స్ ఆటలో శత్రువులు ఒకే బాట పట్టి గుంపులుగా వస్తారు. ఆ బాట పక్కన టవర్లు కట్టి, వాళ్లు చివరికి చేరకముందే ఆపడం ఆటగాడి పని. 1990లో అటారీ గేమ్స్ తెచ్చిన ర్యాంపార్ట్‌లో దీని తొలి పోలికలు కనిపిస్తాయి. 2002 నాటి వార్‌క్రాఫ్ట్ 3లో అభిమానులు సొంతంగా తయారుచేసుకున్న మ్యాపులు దీనికి రూపం ఇచ్చాయి. 2007లో న్యూజిలాండ్‌కు చెందిన నింజా కివి సంస్థ విడుదల చేసిన బ్లూన్స్ టవర్ డిఫెన్స్‌లో కోతులే టవర్లు, బెలూన్లే శత్రువులు.

ఇలాంటి ఆటకు పుట్టుకతోనే ఒక జబ్బు ఉంటుంది. ఖర్చుకు తగ్గ ఫలితం ఎక్కువగా ఇచ్చే టవర్ ఏదో ఆటగాడు కనిపెట్టాడంటే, ఇక దాన్నే వరసగా కట్టుకుంటూ పోతాడు. శత్రువుల సంఖ్య పెంచినా లాభం లేదు, అతను ఇంకో నాలుగు కడతాడు, అంతే. అందుకే ఒక్కో టవర్‌కు లొంగని శత్రువును పుట్టించారు. నల్ల బెలూన్‌ను బాంబు ఏమీ చేయలేదు. తెల్ల బెలూన్ మంచుకు గడ్డకట్టదు. సీసపు బెలూన్‌కు బాణం దిగదు. క్యామో బెలూన్ అయితే మామూలు కోతి కంటికే ఆనదు.

చివరి రెండింటికీ పెద్ద తేడా ఉంది. టవర్ కాల్చే ముందు రెండు పనులు చేస్తుంది: తన పరిధిలో కనబడే బెలూన్లను ఏరుతుంది, వాటిలో ఒకదాన్ని గురిగా ఎంచుకుంటుంది. క్యామో మొదటి మెట్టులోనే తప్పించుకుంటుంది కాబట్టి కోతి దానికోసం ఒక్క బాణమూ వృథా చేయదు. సీసపు బెలూన్ మాత్రం కంటికి కనబడుతుంది, గురికి దొరుకుతుంది, తగిలిన బాణం టంగుమని పడిపోతుంది. అలా అది తనను కాపాడుకోవడమే కాదు, పక్కవాటికి తగలాల్సిన బాణాలనూ మింగేస్తుంది.

ఎంత మింగుతుందన్నది గురి నియమాన్ని బట్టి ఉంటుంది. ‘ఫస్ట్’ అంటే బాటలో అందరికంటే ముందున్నది, ‘లాస్ట్’ అంటే వెనకున్నది, ‘క్లోజ్’ అంటే టవర్‌కు దగ్గరున్నది, ‘స్ట్రాంగ్’ అంటే అన్నిటికంటే బలమైనది. సీసపు బెలూన్లు, గులాబీ బెలూన్లు కలిసి వస్తున్నాయనుకోండి. గులాబీ వేగం సీసానికి మూడున్నర రెట్లు. బాణాల కోతిని ‘ఫస్ట్’లో ఉంచితే, ముందుకు దూసుకొచ్చే గులాబీల మీదికే గురి మళ్లుతుంది. అదే కోతిని ‘స్ట్రాంగ్’లో పెడితే, సీసం పరిధిలో ఉన్నంతసేపూ దాన్నే కొడుతూ నిలబడుతుంది. గులాబీలు దర్జాగా దాటిపోతాయి. టవర్లు చాలినన్ని ఉన్నా తేలికైన బెలూన్లు జారిపోతుంటే, ముందుగా చూడాల్సింది ఈ నియమాన్నే.

ఇక దాడుల వరస. 2018లో వచ్చిన ఆరో భాగంలో 20వ రౌండ్‌లో ఆరు నల్ల బెలూన్లు మాత్రమే వస్తాయి. 24వ రౌండ్‌లో తొలి క్యామో, అదీ ఒకే ఒక్క ఆకుపచ్చ బెలూన్. అది తప్పించుకున్నా పోయేవి మూడు ప్రాణాలే. 28వ రౌండ్‌లో ఆరు సీసపు బెలూన్లు.

ఆ ఆరింటి లెక్క చూద్దాం. సీసం పగిలితే రెండు నల్లవి, ఒక్కో నల్లదానిలో రెండు గులాబీలు, ఒక్కో గులాబీకి ఐదు పొరలు. అంటే నల్లదాని విలువ 11, సీసానిది 23. ఆరూ దాటితే 138 ప్రాణాలు పోతాయి. మీడియం స్థాయిలో ఉండేవి 150, చావుతప్పి బయటపడవచ్చు. హార్డ్‌లో ఉండేవి 100, ఆట ముగిసినట్టే.

సరే, బాంబు టవర్ కడదాం. సీసం పగులుతుంది. లోపలినుంచి పన్నెండు నల్లవి బయటికొస్తాయి, వాటిని బాంబు తాకలేదు. వాటి విలువ 132, హార్డ్‌లో మళ్లీ ఓటమే. పెంకు పగలగొట్టడానికి బాంబు, లోపలివాటికి బాణం, రెండూ కావాలి. పైగా బాంబు ముందు, బాణం ఆ తర్వాత పడాలి. బాణాల కోతి బాట మొదట్లోనూ, బాంబు చివరలోనూ ఉంటే, నల్లవి పుట్టేసరికి కోతి పరిధి దాటిపోయి ఉంటాయి. ఒక్క బెలూన్‌తో ఏ టవర్లు కట్టాలో, ఏది ఎక్కడ నిలవాలో రెండూ తేల్చేశారు. నల్లవాటి సంగతి ఎనిమిది రౌండ్ల ముందే చూపించారు కాబట్టి, ఓడిన ఆటగాడికి కారణం తెలుస్తుంది. చేతికి విరుగుడు అందే వీలు లేనప్పుడు ఇదే దాడి వస్తే అది అన్యాయం అవుతుంది. 63వ రౌండ్‌లో 75 సీసపు బెలూన్లు, 122 సెరామిక్ బెలూన్లు విరుచుకుపడతాయంటే, ఆ పాఠాలన్నీ అప్పటికి అయిపోయాయన్న నమ్మకంతోనే.

ఇలాంటి ఆట తయారుచేస్తున్న కుర్రకారుకు ఒక మాట. ఒక్కో టవర్‌నూ ఒంటరిగా కట్టి మొదటినుంచి చివరిదాకా ఆడి చూడండి. ఏ ఒక్క టవరైనా ఒంటరిగా గెలిచేస్తుంటే, మీ దాడుల వరసలో దానికి లొంగని శత్రువు ఇంకా పుట్టలేదని అర్థం.