సంక్రాంతి లోపు ఏది రావాలి, ఏది ఆగాలి?

సంక్రాంతి ఎవరి కోసమూ వాయిదా పడదు. హైదరాబాద్ నుంచి విజయవాడకో రాజమండ్రికో పండక్కి వెళ్లేవాళ్లు వారాల ముందే సీట్లు పట్టుకుంటారు. ఆ రద్దీని నమ్ముకుని ఒక ట్రావెల్స్ యజమాని టికెట్ల యాప్ చేయించుకుంటున్నాడనుకుందాం. డిసెంబర్ ఒకటిన బుకింగులు తెరవాలి. పని మొదలయ్యేసరికి చేతిలో ఉన్నది ఆరు వారాలు. జట్టులో ఉన్నది అయిదుగురు. ఆయన అడిగినవన్నీ చేయడానికి ఆ సమయం చాలదని మొదటి రోజే తేలిపోయింది.

ఇలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ జట్లు చాలాకాలంగా వాడుతున్న పద్ధతి పేరు మాస్కో. దీనికి రష్యా రాజధానితో సంబంధం లేదు. ఒరాకిల్ బ్రిటన్ శాఖలో పనిచేసిన డై క్లెగ్ 1994లో దీన్ని రూపొందించాడు. తర్వాత డీఎస్‌డీఎం అనే ప్రాజెక్టు నిర్వహణ విధానంలో ఇది భాగమైంది. కోరికలను మస్ట్, షుడ్, కుడ్, వోంట్ అని నాలుగు వర్గాలుగా విడదీయడమే ఇందులో చేసేది. తప్పనిసరిగా ఉండాల్సినవి మస్ట్. చాలా ముఖ్యమైనా, లేకపోతే ఎలాగోలా నెట్టుకురాగలిగేవి షుడ్. ఉంటే బాగుండేవి కుడ్. ఈసారికి చేయబోమని ముందే ఒప్పుకునేవి వోంట్.

చూడ్డానికి ఇది జాబితా పక్కన నాలుగు అక్షరాలు రాసుకోవడంలా ఉంటుంది. చాలా జట్లు అక్కడే ఆగిపోతాయి కూడా. కానీ ఈ పద్ధతికి ప్రాణం ఆ అక్షరాల్లో కాదు, ఏ వర్గానికి ఎంత పని కేటాయించాలన్న లెక్కలో ఉంది. మన బస్సుల యాప్ మీదే ఆ లెక్క వేసి చూద్దాం. ఈ యాప్ కల్పితమే కానీ, ఇందులో వచ్చే చిక్కులు ప్రతి జట్టుకూ ఎదురయ్యేవే.

అయిదుగురు, ఆరు వారాలు, వారానికి అయిదు పనిదినాలు. అంటే 150 పనిరోజులు. యజమాని అడిగిన ఒక్కొక్కదానికీ పరీక్షించే సమయం కూడా కలిపి ఎన్ని రోజులు పడుతుందో జట్టువాళ్లే అంచనా వేశారు. మొత్తం 220 వచ్చింది. అంటే 70 రోజుల పని ఎక్కువ. ఈ అంచనా వేయాల్సింది పని చేసేవాళ్లే. ఏది ముఖ్యమో చెప్పాల్సింది మాత్రం యాప్‌తో వ్యాపారం చేసుకునే మనిషి. ఈ రెండు పాత్రలూ కలిసిపోతే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

అయితే ఏది ముఖ్యమని అడిగితే యజమాని మామూలుగా ఏమంటాడు? “అన్నీ ముఖ్యమేనమ్మా, ముఖ్యం కాకపోతే ఎందుకు అడుగుతాను?” అంటాడు. అందుకే జట్టు నాయకురాలు ప్రశ్న మార్చి అడగాలి. “సార్, నవంబర్ 30 రాత్రి ఇదొక్కటీ తయారు కాలేదనుకోండి. తెల్లారి యాప్ విడుదల చేస్తారా, ఆపేస్తారా?” ఆపేస్తానంటే అది మస్ట్. విడుదల చేసి, ఆ పని ఇంకోలా జరుపుకుంటానంటే అది మస్ట్ కాదు. మస్ట్‌ను తేల్చడానికి ఇంతకన్నా సూటి ప్రశ్న లేదు.

ఈ ప్రశ్నతో ఒక్కోటీ చూస్తూ పోయారు. రూటు, తేదీ ఇచ్చి బస్సులు వెతకడం లేకుండా యాప్ లేదు. దానికి 14 రోజులు. సీటు ఎంచుకోవడం, ఒకే సీటు ఇద్దరికి పోకుండా చూడడం 22. యూపీఐ చెల్లింపు 18. టికెట్ ఎస్సెమ్మెస్‌లో పంపడం 6. డ్రైవర్ చేతికిచ్చే ప్రయాణికుల చార్ట్ 8. కౌంటర్లోనూ ఏజెంట్ల దగ్గరా అమ్మిన సీట్లు కూడా అదే చార్ట్‌లో కనిపించడానికి 16. ఈ చివరిది మొదట ఎవరికీ మస్ట్‌గా తోచలేదు. కానీ అది లేకుండా యాప్ తెరిస్తే, కౌంటర్లో అమ్మిన సీటునే యాప్ మళ్లీ అమ్ముతుంది. పండగ రాత్రి బస్సు దగ్గర గొడవ ఖాయం. ఒక మస్ట్ ఏ పని మీద ఆధారపడి ఉంటే ఆ పని కూడా మస్టే అవుతుంది.

తర్వాత టికెట్ రద్దు, డబ్బు వాపసు వచ్చాయి. రెండూ కలిపి 20 రోజులు. ఇది లేకుండా కుదరదని యజమాని పట్టుబట్టాడు. అదీ కలిపితే మస్ట్‌లు 104 రోజులకు చేరతాయి. నాయకురాలు ఆ ఒక్క కోరికనే రెండుగా విడదీసింది. టికెట్ రద్దు చేయగానే సీటు ఖాళీ అవ్వాలి, లేకపోతే పండగ సీజన్లో ఆ సీటు వృథా. దానికి 6 రోజులు చాలు. డబ్బు దానంతటదే ఖాతాలో పడడానికి ఇంకో 14 రోజులు కావాలి. అది సిద్ధమయ్యేదాకా ఆఫీసులో ఒక గుమస్తా రోజూ జాబితా చూసి డబ్బు పంపగలడు. కష్టమే, కానీ బండి నడుస్తుంది. కాబట్టి మొదటి సగం మస్ట్, రెండోది షుడ్. పైకి పెద్ద మస్ట్‌లా కనిపించేదాని లోపల, మస్ట్ కాని భాగాలు తరచూ దాగి ఉంటాయి. వాటిని విడగొట్టడం తెలిస్తే సగం తగాదాలు తీరిపోతాయి.

ఇప్పుడు మస్ట్‌లన్నీ కలిపి 90 రోజులు. ఉన్న 150లో సరిగ్గా 60 శాతం. డీఎస్‌డీఎం చెప్పే గీత కూడా ఇదే. మస్ట్‌ల పని మొత్తం పనిలో 60 శాతం దాటకూడదు, కుడ్‌లకు దాదాపు 20 శాతం ఉంచాలి, మిగిలింది షుడ్‌లకు. ఇక్కడ లెక్కించేది కోరికల సంఖ్య కాదు, వాటికి పట్టే శ్రమ. పదిహేను కోరికల్లో నాలుగే మస్ట్ అని సంతోషించినా, ఆ నాలుగే 130 రోజులు తినేస్తే జట్టు ప్రమాదంలో ఉన్నట్టే.

షుడ్‌లో ఆటోమేటిక్ వాపసుతో పాటు తెలుగు మెనూ 10, బస్సు ఎక్కే చోటు గుర్తుచేసే మెసేజ్ 6 చేరాయి. మొత్తం 30. కుడ్‌లో డిస్కౌంట్ కూపన్లు 14, ప్రయాణికుల రేటింగులు 8, పాత టికెట్ల జాబితా 8. అదీ 30. షుడ్‌కూ కుడ్‌కూ తేడా తెలియకపోతే, అది లేనప్పుడు ఎంతమంది ఇబ్బంది పడతారు, ఎంత పడతారు అని అడగాలి. తెలుగు మెనూ లేకపోతే చాలామంది పెద్దవాళ్లు మళ్లీ కౌంటర్‌కే వస్తారు. రేటింగులు లేకపోతే పండగ రోజు ఎవరికీ నష్టం లేదు.

మిగిలిన 70 రోజుల పని వోంట్‌లోకి వెళ్లింది. ఐఫోన్ యాప్ 30, బస్సు ఎక్కడుందో మ్యాప్‌లో చూపడం 26, తరచూ ప్రయాణించేవాళ్లకు పాయింట్లు 14. యజమాని ముఖం ముడుచుకునేది ఇక్కడే. ఇది ఎప్పటికీ చేయమని కాదు, ఈసారికి కాదని మాత్రమే. ఆ మాట జాబితాలో స్పష్టంగా రాసి ఉంచాలి. మ్యాప్‌కు బదులు టికెట్ మెసేజ్‌లో డ్రైవర్ నంబరు పంపుదామనుకున్నారు. ఐఫోన్ వాడేవాళ్లు ఈ పండక్కి కౌంటర్లోనే కొనుక్కుంటారు. ఈ వర్గం ఖాళీగా వదిలేసిన జట్టు దగ్గర, ఎవరూ కాదనని కోరికలన్నీ నెల తర్వాత మెల్లగా తిరిగొస్తాయి.

ఇప్పుడు అసలు పరీక్ష. మూడో వారంలో బ్యాంకు వైపు చిక్కులొచ్చి యూపీఐ పనికి అదనంగా 12 రోజులు పట్టింది. ఒకరు జ్వరంతో వారం రాలేదు, మరో అయిదు పోయాయి. మొత్తం 17. నాలుగో వారంలో యజమానే కొత్త కోరికతో వచ్చాడు. ఒంటరిగా వెళ్లే మహిళ పక్క సీటు మరో మహిళకే ఇవ్వాలి. అదే విడుదల ప్రశ్న ఆయన్ను అడిగితే, ఇది లేకుండా విడుదల చేయనన్నాడు. కాబట్టి అదీ మస్టే, 8 రోజుల పని. మొత్తం 25 రోజులు కావాలి. అవన్నీ కుడ్‌కు ఉంచిన 30 నుంచే వచ్చాయి. కూపన్లు, రేటింగులు, పాత టికెట్ల జాబితా మూడూ ఆగిపోయాయి. మస్ట్‌లూ షుడ్‌లూ అన్నీ అందాయి, అయిదు రోజులు మిగిలాయి. డిసెంబర్ ఒకటిన బుకింగులు తెరుచుకున్నాయి.

మొదటి రోజు యజమాని మాట విని మస్ట్‌లు 140 రోజులకు పోనిచ్చి ఉంటే? ఇవే 25 రోజులు కలిపి 165 అయ్యేవి. అప్పుడు ఏదో ఒక మస్ట్ తెగాలి, లేదా పరీక్షలు మానేయాలి, లేదా తేదీ తప్పాలి. అంటే కుడ్‌లు ఉన్నది అలంకారానికి కాదు, మస్ట్‌లకు కాపలాగా. అవి పోయినందుకు జట్టు ఓడిపోయినట్టు కాదు, వాటిని పెట్టిన పనే అవి చేశాయి. ఈ పద్ధతిలో తేదీ, మనుషులు, నాణ్యత మారవు, మారేది కోరికల జాబితా ఒక్కటే. పరీక్షించే రోజులను కుడ్‌లో పెట్టడం కుదరదనడానికి కారణం కూడా అదే.

లెక్క తప్పుతోందని ముందే పసిగట్టవచ్చు. మస్ట్‌లు ఇంకా సగంలో ఉండగానే కుడ్‌లు పూర్తవుతుంటే, జట్టు సులువైనవి ముందు ఏరుకుంటోందన్న మాట. మధ్యలో కొత్త మస్ట్ చేరినప్పుడు ఏదీ బయటికి పోలేదంటే, ఆ భారం పరీక్షల మీదో, జట్టు రాత్రుల మీదో పడుతోంది. ప్రతిసారీ షుడ్‌లు కూడా ఆగిపోతుంటే, అంచనాలే తప్పు. అలా ఆగిపోయేది చూసిన యజమాని, వచ్చేసారి అన్నిటికీ మస్ట్ అనే రాయిస్తాడు.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. ఒకే వర్గంలోని పది పనుల్లో ముందు ఏది చేయాలో ఇది చెప్పదు, దానికి వేరే వరుస కావాలి. మస్ట్‌లే 60 శాతం మించితే వాటిని కుదించడం దీని చేతుల్లో లేదు. ఆ పరిస్థితిలో తేదీ గురించో, మనుషుల గురించో యజమానితో తొలి వారంలోనే తేల్చుకోవాలి. జట్టు పాతదై, అలవాటైన పనే చేస్తూ, అంచనాలు నమ్మదగ్గవైతే ఆ గీతను కొంచెం దాటవచ్చు. కొత్త జట్టు, కొత్త పని అయితే 60 దగ్గరే ఆగడం క్షేమం.

మీ దగ్గర ఇలాంటి జాబితా ఉంటే, ముందు మస్ట్‌ల పక్కనున్న రోజులు కూడండి. మొత్తంలో 60 శాతం దాటాయంటే ఆ జాబితా ఇంకా పూర్తి కానట్టే.