దీపావళి నెలలో గోడౌన్ లెక్క: పన్నెండు గంటల డ్యూటీ ఎందుకొస్తుంది?

భివండీలో సాంచాల చప్పుడు తగ్గి, మాన్‌కోలీ, దాపోడే, పూర్ణా, రాహనాళ్ వైపు గోడౌన్లు పెరిగినాయి. సాంచా మీద బతికిన ఇళ్ల పిల్లలు ఎంతోమంది ఇప్పుడు అక్కడ పికింగ్‌లోనో, ప్యాకింగ్‌లోనో, లోడింగ్‌లోనో ఉన్నారు. దసరా ముందు మొదలై దీపావళి దాకా వాళ్లు ఇంట్లో కనిపించరు. పొద్దున ఏడుకు పోతే రాత్రి తొమ్మిదికి రాక. "సీజన్ కదా" అంటారు. సీజన్ నిజమే. కానీ సీజన్ ప్రతి ఏడూ వస్తుందని ముందే తెలుసు. తెలిసిన పనికి రోజూ ఓటీ చేయించాల్సి వస్తోందంటే, మనుషుల లెక్క ఎక్కడో తప్పినట్టే. ఆ లెక్క అర్థం చేసుకోవడం మిల్లులో పనిచేసిన ఇంటికి కష్టమేం కాదు.

ముందు 'టార్గెట్' సంగతి. సాంచా నిమిషానికి ఇన్ని పిక్కులు కొడుతుందని కాగితం మీద రాసి ఉంటుంది. పోగు తెగితే కట్టాలి, కండె మార్చాలి, కరెంటు పోతే నిలబడాలి. అందుకే కాగితం మీది మీటర్లు ఏనాడూ గుడ్డగా దిగవు. గోడౌన్లో పికర్ పనీ అంతే. స్కానర్ చూపించిన ర్యాక్ దగ్గరికి నడవాలి, వంగాలి, వస్తువు తీయాలి, స్కాన్ కొట్టాలి, బుట్టలో వేయాలి. ఆర్డర్లో ఒక రకం వస్తువు తీస్తే ఒక 'లైను'. గంటకు ఎన్ని లైన్లన్నదే టార్గెట్. దాన్ని సరిగ్గా కట్టాలంటే నలుగురైదుగురు మామూలు పనివాళ్లను, వేరువేరు రోజుల్లో, దగ్గరి ర్యాకుల్లోనూ దూరపు ర్యాకుల్లోనూ గడియారం పెట్టి చూడాలి. వచ్చిన టైముకు నీళ్లకు, బాత్రూముకు, అలుపుకు కనీసం పదో వంతు కలపాలి. అందరికన్నా చురుకైన కుర్రాణ్ని, అందరికన్నా సులువైన వరుసలో ఒక పూట పరుగెత్తించి తీసిన అంకె టార్గెట్ కాదు. దానిమీద కట్టిన రోస్టరు పండగ రాకముందే కూలుతుంది.

తప్పు టార్గెట్‌ను పట్టుకునే గుర్తు ఒకటుంది. ఒక్కడు వెనకబడితే వాడి పని చూడాలి. పాతవాళ్లు, మంచివాళ్లు అందరూ ఒకే రోజు వెనకబడితే మాత్రం అంకెనే చూడాలి. ఆ రోజు బరువు డబ్బాలు ఎక్కువ వచ్చి ఉండొచ్చు, పై ర్యాకుల సరుకు ఎక్కువై ఉండొచ్చు.

ఇప్పుడు ఒక గోడౌన్‌ను లెక్క కోసం అనుకుందాం. మామూలు రోజుల్లో దినానికి 6,300 లైన్లు, టార్గెట్ గంటకు 60. షిఫ్టు తొమ్మిది గంటలు. అందులో భోజనానికి, చాయ్‌కి ఒక గంట పోతుంది. హాజరీ, స్కానర్ల పంపకం, సరుకు కోసం ఎదురుచూపు కలిపి ఇంకో గంట. మిగిలిన ఏడు గంటల్లో ఒక మనిషి 420 లైన్లు తీస్తాడు. అంటే పని మీద 15 మంది నిలబడాలి. చాలా చోట్ల లెక్క ఇక్కడే ఆపేస్తారు, అసలు తప్పు కూడా ఇక్కడే. పదిమందిలో ఒకరు నాగా పెడతారనుకుంటే 17 మంది పేర్లు షిఫ్టులో ఉండాలి. గోడౌన్ వారానికి ఏడు రోజులూ నడుస్తుంది, మనిషి ఆరు రోజులే పనిచేస్తాడు. కాబట్టి రిజిస్టర్లో 20 మంది కావాలి. పదిహేను మందినే పెట్టుకున్న చోట సీజన్ లేకపోయినా ఓటీ ఉంటుంది.

దీపావళి ముందు రెండు వారాలు ఆర్డర్లు రెట్టింపై 12,600 లైన్లయినాయనుకోండి. ఉన్న ఇరవై మందితోనే లాగిస్తే? అందరి సెలవులూ రద్దు చేసినా రోజూ 18 మంది వస్తారు. పని మొత్తం 210 గంటలు. తలకు పన్నెండు గంటలకు కొంచెం తక్కువ. దానికి ఆ రెండు గంటలు కలిపితే దాదాపు పద్నాలుగు గంటల డ్యూటీ. మొదటి మూడు రోజులు లాగుతారు. తొమ్మిదో గంట దాటినాక చెయ్యి నెమ్మదిస్తుంది, ఎరుపు బదులు నీలం డబ్బాలో పడుతుంది, ఆ తప్పును తిరిగి సర్దడానికి ఇంకో మనిషి కావాలి. వారం తిరిగేసరికి నాగాలు పెరుగుతాయి. రానివాళ్ల పని వచ్చినవాళ్ల మీద పడుతుంది, రేపు వాళ్లూ రారు. అదనపు గంటకు రెట్టింపు కూలి ఇవ్వాలని చట్టం చెప్తుంది. ఆ రెట్టింపు ఇచ్చి కొన్నది అందరికన్నా నెమ్మదైన గంటను. యజమానికి కూడా ఇది గిట్టుబాటు కాదు.

రెట్టింపు పనికి రిజిస్టర్లో 40 మంది కావాలి, అంటే ఇరవై మంది తక్కువ. పండగ ముందు సోమవారం ఇరవై మందిని గేటు దగ్గర నుంచి పట్టుకొస్తే సరిపోదు. కొత్త మనిషికి ర్యాకుల నంబర్లే తెలియవు. మొదటి వారం గంటకు 30 లైన్లు తీస్తే గొప్ప. రెండో వారానికి 45. వాడి చెయ్యి తిరిగేసరికి పండగే అయిపోతుంది. కొత్తవాళ్లను మూడు వారాల ముందే తేవాలి.

అయితే ఇరవై మందికీ మూడు వారాల ముందు నుంచి పగారు ఎవరిస్తారు? ఇక్కడ రెండు తోవలున్నాయి. ఒకటి, సరుకు దించుకునే పక్క. అమ్మకం పెరగక మూడు నాలుగు వారాల ముందే లారీలు సరుకు తెచ్చి నింపుతాయి. అంటే దించేవాళ్ల రద్దీ ముందు వచ్చి ముందే తగ్గుతుంది. పని పలచగా ఉండే జూన్, జులైలో వాళ్లలో ఆరుగురికి పికింగ్ నేర్పి పెడితే, దీపావళికి ఇటు తిప్పుకోవచ్చు. రెండోది మన పెద్దలకు బాగా తెలిసినదే, బదిలీ. బొంబాయి మిల్లుల్లో రానివాడి సాంచా మీద బదిలీవాణ్ని నిలబెట్టేవారు. అలాగే పోయినేడు సీజన్లో పనిచేసినవాళ్ల పేర్లు, ఫోన్లు రాసి పెట్టుకుంటే అందులో ఎనిమిది మంది తిరిగి వస్తారు. ర్యాకులు తెలిసిన చేతులు, తొందరగానే దారిలో పడతాయి. మిగిలిన ఆరుగురినే కొత్తగా తీసుకుని మూడు వారాల ముందు నేర్పాలి. ఏళ్ల తరబడి బదిలీగానే ఉంచేసిన కథలు మిల్లు ఇళ్లలో ఉన్నాయి. పేరు, పని రోజులు, పీఎఫ్ కాగితం మీద ఉండేట్టు చూసుకోవడం మన పని.

మనుషులు దొరికినా ముప్పై మందిని పొద్దున ఏడుకే పిలిస్తే లాభం లేదు. ఒకే వరుసలో బండ్లు ఒకదానికొకటి అడ్డం పడతాయి, అరవై లైన్ల చెయ్యి నలభైకి దిగుతుంది. లారీలు రాత్రి తొమ్మిదికి కదిలే చోట ఆర్డర్లు మధ్యాహ్నం నుంచి కుమ్ముకుంటాయి. కాబట్టి పదహారు మందిని ఏడు నుంచి నాలుగు దాకా, పద్నాలుగు మందిని పన్నెండు నుంచి తొమ్మిది దాకా పెడితే రద్దీ గంటల్లోనే ఇద్దరూ కలుస్తారు. ఎవరికీ తొమ్మిది గంటలు దాటదు. ఆదివారం అందరికీ సెలవు కుదరదు. ఆర్డర్లు పలచబడే రోజున ఎక్కువమందికి, మిగతా రోజుల్లో కొద్దిమందికి సెలవు వంతులు వేయాలి. ఆ కాగితం రెండు వారాల ముందు గోడకు అంటించాలి. రాత్రి తొమ్మిదికి దిగినవాణ్ని మర్నాడు ఏడుకు పిలవకూడదు.

ఇంత చేసినా కొన్ని రోజులు లెక్క మించుతుంది. పండగకు మూడు రోజుల ముందు ఒక్కసారిగా ఆర్డర్లు విరుచుకుపడతాయి. ఆ పూట గంటో రెండు గంటలో ఓటీ అడిగితే తప్పు లేదు, ఇష్టమున్నవాళ్లు చేస్తారు, డబ్బులూ అక్కరే. ఓటీ పచ్చడిలా ఉండాలి గాని అన్నంలా కాదు.

ఇంట్లో గోడౌన్ పనివాళ్లుంటే పగారు చీటీలు ఐదు నెలలవి పక్కపక్కన పెట్టి చూడండి. ఓటీ గంటలు అక్టోబరులో పెరిగి డిసెంబరుకు సున్నాకు దిగితే అది సీజన్. జనవరిలోనూ, ఫిబ్రవరిలోనూ అంతే ఉంటే అక్కడ మనుషులు తక్కువున్నారు. అప్పుడు సూపర్‌వైజర్‌ను అడగాల్సింది ఓటీ రేటు గురించి కాదు. రిజిస్టర్లో ఎంతమంది పేర్లున్నాయి, రోజుకు ఎన్ని లైన్లు పోతున్నాయి అని.