ఉద్యోగం పోయిన స్నేహితుడికి ఏమివ్వాలి?

ఉద్యోగం పోయినవారికి ఇచ్చే కానుక పెళ్లికో గృహప్రవేశానికో ఇచ్చే కానుక లాంటిది కాదు. అక్కడ సందర్భం పేరు చెప్పే ఇస్తారు. ఇక్కడ సందర్భం ఎత్తకుండా ఇవ్వాలి, కానీ ఇచ్చింది అక్కరకు రావాలి. ఈ రెండూ కుదరకపోతే కానుక కాస్తా పరామర్శ అవుతుంది. మన వైపు పరామర్శకు ఒక పద్ధతి ఉంది. ఆస్పత్రిలో ఉన్నవారికి యాపిల్ పళ్లు, హార్లిక్స్ సీసా పట్టుకెళ్లి, మంచం పక్కన కాసేపు కూర్చుని, గొంతు తగ్గించి మాట్లాడి వస్తాం. లేఆఫ్ వార్త తెలియగానే పళ్ల బుట్టతో ఇంటికి వెళ్లేవారు తెలియకుండానే ఆ పద్ధతి పాటిస్తున్నారు. నిన్నటిదాకా టీమ్‌ను నడిపిన మనిషి ఆ పళ్ల బుట్ట ముందు రోగి అయిపోతాడు.

మొదట ఆలోచించాల్సింది తిరిగి ఇవ్వడం గురించి. తెలుగువాళ్ల ఇళ్లలో చదివింపుల పుస్తకం ఊరికే రాసుకోరు. ఎవరు 516 చదివించారో, ఎవరు 1116 చదివించారో చూసుకుని, వాళ్లింట్లో శుభకార్యానికి అంతకు తగ్గకుండా చదివిస్తారు. పుట్టినరోజు కానుకలకూ పైకి చెప్పని ఇలాంటి లెక్కే ఉంటుంది. జీతం ఆగిపోయినవాడికి ఖరీదైన వాచీ ఇస్తే దాన్ని తీర్చే దారి అతనికి కనిపించదు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం తగ్గిస్తాడు. అందుకే ఇద్దరి మధ్య మామూలుగా నడిచే ఖరీదుకు లోపలే కానుక ఉండాలి. ఏటా వెయ్యి రూపాయల లోపు ఇచ్చుకునేవారు ఈసారి అయిదు వేలు పెడితే, ఆ తేడాయే జాలి.

గుర్తుచేసే వస్తువులు అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నాయి. లాప్‌టాప్ బ్యాగు, పెన్నుల సెట్టు, డైరీ, మేజామీద పెట్టుకునే క్యాలెండరు, ఆఫీసుకు వేసుకెళ్లే చొక్కా, లంచ్ బాక్సు నేరుగా ఆఫీసునే గుర్తుచేస్తాయి. వ్యక్తిత్వ వికాస పుస్తకాలది మరో దారి. ‘నీ ఆలోచన మారితే నీ జీవితం మారుతుంది’ తరహా పుస్తకం చేతిలో పెట్టడమంటే, తప్పు కంపెనీ లెక్కల్లో లేదు, నీ ఆలోచనలోనే ఉందని చెప్పడమే. అమీర్‌పేటలో కోర్సుకు ఫీజు కట్టి రసీదు ఇవ్వడం ఇంకా ఇబ్బంది. ప్రాజెక్టు మొత్తాన్నీ ఎత్తేసినప్పుడు బాగా పనిచేసినవాళ్లూ పోతారు, కానీ ఆ రసీదు మాత్రం ‘నీకు పని రాదు’ అంటుంది. అతనే ఫలానా కోర్సు చేయాలనుకుంటున్నానని చెప్పి ఉంటే అది వేరే మాట.

‘ఇప్పుడు టైముంది కదా’ అన్న లెక్కతో ఇచ్చేవీ ఎక్కువగా బెడిసికొడతాయి. లావుపాటి నవలలు, గిటారు, వెయ్యి ముక్కల పజిల్ ఈ జాబితాలోవే. ఖాళీ సమయం పెరిగితే చదవడం పెరుగుతుందన్న నమ్మకం ఎంత తప్పో ఆస్ట్రియాలోని మరియెన్‌తాల్ ఊరి మీద జరిగిన అధ్యయనంలో తేలింది. అక్కడి బట్టల మిల్లు మూతపడి ఊరంతా పని లేకుండా మిగిలినప్పుడు మేరీ యహోడా, పాల్ లజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అక్కడి జీవితాన్ని దగ్గర నుంచి చూసి 1933లో పుస్తకం వేశారు. ఊళ్లోని గ్రంథాలయం నుంచి జనం పుస్తకాలు తీసుకెళ్లడం పెరగాల్సింది పోయి తగ్గిందని అందులో ఉంది. మగవాళ్లు వీధిలో నెమ్మదిగా నడిచేవారు, మధ్యలో ఊరికే ఆగిపోయేవారు. ఉద్యోగం జీతంతో పాటు రోజుకు ఒక చట్రాన్నీ, ఇంటి బయట నలుగురు మనుషుల్నీ ఇస్తుందని యహోడా తర్వాతి రచనల్లో వివరించారు. కానుక ఎంచుకునేవారికి ఇందులో పనికొచ్చేది ఒకటుంది. కొరత కాలానిది కాదు. వారంలో ఫలానా రోజు, ఫలానా వేళకు ఎదురుచూసే మనుషులు లేకపోవడమే కొరత.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ మియాపూర్‌లో ఉండే టెస్టింగ్ ఇంజినీరు, వయసు 37. భార్య, రెండో తరగతి చదివే కూతురు, ఫ్లాట్‌కు హోమ్ లోన్. ఆదివారం పొద్దున ఆరు నుంచి ఏడింటిదాకా మరో ముగ్గురితో బ్యాడ్మింటన్ ఆడతాడు. కోర్టు అద్దె నలుగురూ పంచుకుంటారు. ఉద్యోగం పోగానే ఇంటి ఖర్చుల్లో మొదట తెగేది ఇలాంటి వాటానే. అయితే ‘డబ్బు కష్టంగా ఉంది’ అని ఎవరూ చెప్పరు. మోకాలు నొప్పి అంటారు, పాపకు డ్రాయింగ్ క్లాసు ఉందంటారు. రెండు వారాలు రాకపోతే ఆ ముగ్గురూ నాలుగో మనిషిని వెతుక్కుంటారు. ఆ తర్వాత రావాలనుకున్నా అతనికి చోటుండదు.

ఇతనికి సరైన కానుక ఆ ఆదివారాన్ని నిలబెట్టేది. ముగ్గురిలో ఒకరు నెల మొత్తానికీ కోర్టు డబ్బు ముందే కట్టేసి, గ్రూపులో ‘ఈ నెల నాది, ఇక నుంచి నెలకొకరం కడదాం, లెక్కల గోల ఉండదు’ అని రాస్తే చాలు. వరసలో అతని పేరు చివరన, అంటే నాలుగో నెలలో వస్తుంది. అక్కడ అతనికి మినహాయింపు ఇవ్వలేదు, గడువు మాత్రమే దొరికింది. తన వంతు తను కడతాడు కాబట్టి తలెత్తుకునే వస్తాడు. ఒకవేళ అప్పటికీ ఉద్యోగం రాకపోతే ఎవరో ఒకరు వరస మార్చుకుంటే సరిపోతుంది. చేతికి ఏదైనా ఇవ్వాలనిపిస్తే అతని రాకెట్ అడిగి తీసుకుని కొత్త గట్ వేయించి ఇవ్వవచ్చు. అతనికి అలవాటైన బిగువు ఎంతో, ఇరవై నాలుగు పౌండ్లో ఇరవై ఆరో, ముందే కనుక్కుని దుకాణంలో చెప్పాలి. అతని ఆట తెలిసినవాడే చేయగల పని అది. ఆరు నైలాన్ షటిల్స్ ఉన్న ట్యూబు కూడా మంచిదే. అందరూ కలిసి ఆడితే అరిగిపోతుంది, షోకేసులో మిగిలి ఏదీ గుర్తుచేయదు.

బ్యాడ్మింటన్ బదులు ఎవరికి ఏది ఉంటే అది. ఒకరికి మిద్దెమీది మొక్కలు, మరొకరికి పాత పాటలు. ఉద్యోగం తీసేసినా మనిషిలో మిగిలి ఉండే ఆసక్తి ఏదో చూసి దానికే ఇవ్వాలన్నది పద్ధతి. ఇంటి వంట కూడా ఎప్పుడూ చెల్లుతుంది, కానీ రోజూ భోజనం పంపడం కాదు, అది మళ్లీ పరామర్శే. ‘అమ్మ సున్నుండలు పంపింది, నీ వాటా ఇది’ అని డబ్బా ఇస్తే బాగుంటుంది. ఆవకాయ పెట్టే రోజుల్లో అయితే ఒక జాడీ. ఇలాంటివి ఎలాగూ పంచుకునేవే కాబట్టి ఎవరూ కారణం వెతకరు. డబ్బాను ఖాళీగా తిరిగివ్వకూడదనే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. ఆ డబ్బాలో నాలుగు జంతికలు వేసి పంపినా అతని లెక్క సరిపోతుంది.

ఎప్పుడు ఇవ్వాలన్నది ఏమివ్వాలన్నంత ముఖ్యం. మొదటి వారం ఫోన్లకు కొదవ ఉండదు. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్, రిలీవింగ్ లెటర్, కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఆగిపోతే మరో పాలసీ, ఇలా పరుగు కూడా ఉంటుంది. రెండో నెల దాటాక ఫోన్లు తగ్గుతాయి, ‘ఇంకా ఏమీ రాలేదా?’ అనే ప్రశ్న మొదలవుతుంది. కానుక ఆ రోజుల్లో అందితే ఎక్కువ పనిచేస్తుంది. కొరియర్‌లో పంపేముందు మాత్రం ఒకటి తెలుసుకోవాలి: ఇంట్లో ఎవరికి తెలుసు? ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు, ఒక్కోసారి ఇంట్లోనే ఉన్న అత్తమామలకు చెప్పకుండా నెలల తరబడి నెట్టుకొచ్చేవాళ్లున్నారు. ‘ధైర్యంగా ఉండు’ అని రాసిన కార్డు ఆ ఇంటికి చేరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కార్డు మీద రాయాల్సింది కానుక గురించే: ‘ఇరవై ఆరుకే బిగించమన్నా. ఆదివారం ఆరింటికి.’ అంతకంటే ఒక్క మాట ఎక్కువైనా జాలి తొంగిచూస్తుంది.

ఖర్చు లేని కానుక ఒకటుంది, కలిసి పనిచేసినవాళ్లు మాత్రమే ఇవ్వగలిగేది. లింక్డ్‌ఇన్‌లో సిఫార్సు రాయడం. ‘కష్టపడే మనిషి, టీమ్ ప్లేయర్’ అని రాస్తే ఎవరూ చదవరు. ‘విడుదలకు రెండు రోజుల ముందు పేమెంట్ పేజీలో రెండుసార్లు డబ్బు కట్ అవుతున్న లోపాన్ని పట్టుకున్నది ఇతనే’ అన్న ఒక్క వాక్యం ఇంటర్వ్యూ చేసేవారికి ప్రశ్న అందిస్తుంది. ఉద్యోగం పోయిన సంగతి అందులో ఎక్కడా రాయకూడదు. రాసిన సిఫార్సు అతను ఒప్పుకుంటేనే ప్రొఫైల్‌లో కనిపిస్తుంది కాబట్టి మొహమాటపెట్టినట్టూ ఉండదు. రిఫరల్ సంగతి వేరు. అడగకుండా రెజ్యూమె పది చోట్లకు పంపితే వార్త పది చోట్ల పాకుతుంది.

డబ్బు అవసరమైతే దాన్ని కానుక కవరులో దాచకుండా అప్పు అని పేరు పెట్టి ఇవ్వడం ఇద్దరికీ మేలు. అప్పయితే తీర్చే అవకాశం ఉంటుంది, దానితో పరువూ ఉంటుంది. ఆదాయపు పన్ను చట్టం కూడా ఈ తేడా చూస్తుంది. బంధువులు కానివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో కానుకలుగా వచ్చిన డబ్బు మొత్తం 50,000 రూపాయలు దాటితే అదంతా తీసుకున్నవారి ఆదాయంగా లెక్కకొస్తుంది. ఎంత దగ్గరివాడైనా స్నేహితుడు చట్టం దృష్టిలో బంధువు కాడు. అప్పుకు ఈ లెక్క వర్తించదు, కానీ 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోకూడదు. బ్యాంకు ద్వారా పంపి, ఇది అప్పని ఒక మెసేజ్ పెట్టుకుంటే సరిపోతుంది.

అమెరికాలో హెచ్‌1బి వీసా మీద ఉన్న తెలుగువాళ్ల పరిస్థితిలో పైవన్నీ మారిపోతాయి. ఉద్యోగం ఆగాక వాళ్లకు సాధారణంగా దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94లో ఉన్న తేదీ అంతకంటే ముందుంటే అక్కడితోనే ముగుస్తుంది. ఆలోపు కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదంటే స్టేటస్ మార్చుకోవాలి, లేదంటే దేశం విడవాలి. పెట్టె సర్దుకోవాల్సి రావచ్చన్న ఆలోచనలో ఉన్నవారికి బరువైన వస్తువు ఏదైనా ఇబ్బందే, మొక్కల కుండీతో సహా. అక్కడ స్నేహితులు ఇవ్వగలిగినవి వేరు: ఇమిగ్రేషన్ లాయరుతో ఒక గంట సంప్రదింపుకు ఫీజు, ఇంటర్వ్యూలున్న రోజు పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చి సాయంత్రం దాకా చూసుకోవడం, వెళ్లాల్సే వస్తే సామాను పెట్టుకోవడానికి గరాజ్‌లో కాస్త చోటు. మూడోదాని గురించి మాత్రం అతను అడిగేదాకా నోరెత్తకూడదు.