ఆఫర్ లెటర్ ఆగినప్పుడు అభ్యర్థికి ఏం రాయాలి

ఫైనల్ రౌండ్ అయిపోయింది. హెచ్‌ఆర్ నుంచి ఫోన్ వచ్చింది, జీతం మాట్లాడుకున్నారు, పాత పేస్లిప్పులు కూడా పంపేశారు. రెండు మూడు రోజుల్లో ఆఫర్ లెటర్ వస్తుందన్నారు. పది రోజులైనా రాలేదు. అడిగితే "ప్రాసెస్‌లో ఉందండీ" అంటారు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం వెతికినవాళ్లలో చాలామంది ఈ మాట విన్నవాళ్లే.

చాలా ఏళ్లుగా ఆ ఫోన్ చేసే పని నాది. మొదట్లో నేనూ అదే మాట రాసేదాన్ని. ఒకసారి "లెటర్ త్వరలో వచ్చేస్తుంది" అని రాస్తే, ఆ మాట నమ్మి ఒకాయన పాత కంపెనీలో రాజీనామా పెట్టేశారు. లెటర్ రాలేదు. ఆయనకి ఇద్దరు పిల్లలు. ఆ తర్వాత 'త్వరలో' అన్న మాట నేను మళ్లీ రాయలేదు.

అభ్యర్థికి కనిపించని సంగతి ఒకటుంది. మనిషిని ఎంపిక చేయడం వేరు, ఆ పోస్టుకి డబ్బు మంజూరు చేయడం వేరు. ఇంటర్వ్యూ చేసిన మేనేజర్ సరే అన్నాక కూడా ఫైనాన్స్ వాళ్లు ఒప్పుకోవాలి. క్లయింట్ ప్రాజెక్టు వాయిదా వేసినా, కొత్త నియామకాలు ఆపమని పైనుంచి మాట వచ్చినా లెటర్ అక్కడే నిలిచిపోతుంది. మార్చి 31తో లెక్కలు ముగించే కంపెనీల్లో ఫిబ్రవరి, మార్చిల్లో ఎంపికైనవాళ్లు కొత్త బడ్జెట్ కోసం ఆగాల్సి రావచ్చు. ఇవేవీ తెలియని అభ్యర్థి, తనకంటే తక్కువ జీతానికి ఇంకెవరో దొరికారేమో అనుకుంటాడు.

ఒక ఏడాది ఫిబ్రవరి చివర్లో ఒక టెస్టింగ్ లీడ్‌ను ఎంపిక చేశాం. వారం తిరక్కుండానే కొత్త పోస్టులన్నీ ఏప్రిల్ దాకా ఆపేశారు. ఆమె అప్పుడు పనిచేస్తున్న చోట నోటీసు పీరియడ్ 90 రోజులు. ముందు ఫోన్ చేసి విషయం చెప్పాను. మాట్లాడినదంతా ఆమె దగ్గర రాతలో ఉండాలని, అదే రోజు మెయిల్ కూడా పెట్టాను. తెలుగులో చెప్పాలంటే అది ఇలా ఉంటుంది:

"నమస్తే అండీ. ఈ వారం మీకు ఆఫర్ లెటర్ పంపుతానన్నాను, పంపలేకపోతున్నాను. కొత్త బడ్జెట్ వచ్చేదాకా మా కంపెనీలో కొత్త పోస్టులన్నీ ఆపారు. మీ ఇంటర్వ్యూ ఫలితం మారలేదు, మేనేజర్ మిమ్మల్నే కోరుకుంటున్నారు. అయితే ఈ పోస్టు మళ్లీ తెరుస్తారని నేను హామీ ఇవ్వలేను. ఏప్రిల్ రెండో వారంలో తేలుతుందని నాకు చెప్పారు, ఆ తేదీ కూడా మారవచ్చు. లెటర్ మీ చేతికి వచ్చేదాకా దయచేసి రాజీనామా చేయకండి. వేరే ఇంటర్వ్యూలు ఆపుకోవద్దు. కొత్త సంగతి ఉన్నా లేకపోయినా ప్రతి శుక్రవారం సాయంత్రం 5లోపు నేనే మీకు రాస్తాను."

'రాజీనామా చేయకండి' అన్న వాక్యం పంపేముందు చాలామంది రిక్రూటర్లు తీసేస్తారు. అభ్యర్థి చేజారిపోతాడని వాళ్ల భయం. కానీ ఆలస్యం వల్ల ఆమెకు నిజంగా నష్టం జరిగేది అక్కడే. నోటీసు ఇచ్చాక 90 రోజుల గడియారం ఆగదు, దాన్ని వెనక్కి తీసుకుంటామంటే కంపెనీ ఒప్పుకోవాలని లేదు.

ఇక అందులోని రెండు తేదీలు చూడండి. ఏప్రిల్ రెండో వారం నా చేతిలో లేదు, అందుకే అది మారవచ్చని రాశాను. శుక్రవారం మాత్రం పూర్తిగా నా చేతిలోనిది. రిక్రూటర్ ధైర్యంగా ఇవ్వగలిగిన మాట అదొక్కటే. మొదటి శుక్రవారం రాయడం తేలిక. మూడోసారి కూడా "ఈ వారం కొత్తగా ఏమీ తెలియలేదండీ" అని రాయాలంటే చేయి ఆడదు. ఆ మెయిల్ మానేస్తే అంతకుముందు రాసిన రెండూ వృథా.

జవాబుల తీరు కూడా గమనించాలి. టీమ్ గురించో పని గురించో అడుగుతున్నంతకాలం ఆసక్తి ఉన్నట్టే. ఉత్త "ఓకే అండీ" వచ్చిందంటే మళ్లీ మెయిల్ కాదు, ఫోన్ చేయాలి. ఆమె నుంచి మూడో వారం ఆ రెండు మాటలే వచ్చాయి. ఫోన్ చేస్తే వేరే ఆఫర్ వచ్చిందని, నాలుగు రోజుల్లో చెప్పాలని అంది. ఆ గడువు పట్టుకుని మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఇలాంటి గడువు చూపిస్తే ఒక్కోసారి అనుమతి కదులుతుంది. ఈసారి కదల్లేదు. అదే చెప్పాను. ఆమె ఆ ఆఫర్ తీసుకుంది.

నాకు బాధగానే ఉండింది. కానీ ఆ సంగతి ఆమే ముందుగా ఫోన్ చేసి చెప్పింది. లెటర్ తీసుకుని, చేరాల్సిన రోజు ఉదయం ఫోన్ ఎత్తనివాళ్లు మాకు కొత్త కాదు. ఆ సాయంత్రమే జాబితాలో రెండో స్థానంలో ఉన్నతనికి ఫోన్ చేశాను. అతనికీ నేను ప్రతి శుక్రవారం రాస్తూనే ఉన్నాను కాబట్టి ఎవరు, ఎందుకు చేస్తున్నారని అడగలేదు. "బడ్జెట్ వచ్చిందా అండీ?" అన్నాడు. ఇంకా రాలేదని చెప్పాను.