ఆవకాయ వ్యాసం, ఆఖరి ప్రూఫ్

ఆవకాయ పెట్టే విధానం మీద ఒక వ్యాసం సిద్ధమైంది. ఫొటోలు పెట్టారు, ఎడిటర్ చూశారు, ఇక పబ్లిష్ బటన్ నొక్కడమే మిగిలింది. అందులో కిలో మామిడి ముక్కలకు 200 గ్రాముల ఉప్పు అని ఉండాల్సిన చోట 20 గ్రాములని పడింది. స్పెల్‌చెక్ దాన్ని పట్టుకోదు, ఎందుకంటే దాని లెక్కలో అది తప్పు కాదు. నమ్మి పెట్టిన వాళ్ల జాడీ మాత్రం కొద్ది రోజుల్లోనే బూజు పడుతుంది. అందుకే ఆఖరి ప్రూఫ్‌ను నేను అంకెలతో మొదలుపెడతాను. వ్యాసంలోని మాటల్ని వదిలేసి అంకెల్ని, పక్కనున్న కొలతల్ని మాత్రమే రచయిత ఇచ్చిన మూలప్రతితో ఒక్కొక్కటిగా సరిచూడాలి. ఉప్పు ముక్కల బరువులో ఐదోవంతు ఉందా, ఎసరు పెట్టినట్టు నూనె లీటర్లలో పడిందా అని లోకజ్ఞానంతోనూ ఒకసారి ఆలోచించాలి. మూలప్రతిలోనే పొరపాటు ఉంటే అది ఈ రెండో చూపుకే దొరుకుతుంది.

తర్వాత అక్షరాలు. తెలుగులో ప, వ ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి. ‘బాగా కలపాలి’ కాస్తా ‘బాగా కలవాలి’ అయితే రెండూ మంచి తెలుగు మాటలే కాబట్టి కన్ను జారిపోతుంది. ‘ఆవపిండి’ ‘ఆవు పిండి’ అవుతుంది, ‘మూత పెట్టాలి’ ‘మాత పెట్టాలి’ అవుతుంది. రాసినవాళ్లకు ఏం రాశారో తెలుసు కనుక ఉన్నది కాకుండా ఉండాల్సింది కనిపిస్తుంది. దీనికి నాకు తెలిసిన మంచి మందు పైకి చదవడమే. వీలైతే ఒకరు మూలప్రతి చదువుతుంటే ఇంకొకరు తెర మీద చూసుకోవాలి. పాత పత్రికాఫీసుల్లో ప్రూఫులు ఇలాగే దిద్దేవారు.

కంటికి కనబడని అక్షరం కూడా ఒకటి ఉంది. ‘ఫ్రిజ్‌లో’ అన్నప్పుడు జ్ పొల్లు విడిగా నిలబడాలంటే దాని తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉండాలి. ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేసేటప్పుడు, పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు అది కొన్నిసార్లు రాలిపోతుంది. అప్పుడు మాట ‘ఫ్రిజ్లో’ అని అతుక్కుపోతుంది. ఇంగ్లిష్ మాటకు ‘లో’, ‘కు’, ‘ని’ చేరిన చోటల్లా ఆగి చూస్తే ఇవి బయటపడతాయి.

లింకుల దగ్గర మాత్రం ‘తెరుచుకుంది, చాలు’ అనుకోకూడదు. ‘మాగాయ విధానం’ అన్న లింకు నొక్కితే మాగాయే రావాలి, పోయినేడాది నిమ్మకాయ వ్యాసం కాదు. ఇంకొకటి, రాసినవాళ్లు లాగిన్ అయి ఉంటారు కనుక ఇంకా పబ్లిష్ కాని డ్రాఫ్టూ, అనుమతి లేని గూగుల్ డ్రైవ్ ఫైలూ వాళ్లకు హాయిగా తెరుచుకుంటాయి. పాఠకులకు తెరుచుకోవు. లాగిన్ లేని ఇన్‌కాగ్నిటో విండోలో ప్రతి లింకూ నొక్కి చూడటమే దీనికి పరీక్ష. అడ్రసు చివర వాక్యంలోని చుక్క అంటుకున్నా చాలాసార్లు పేజీ దొరకదు:

```
https://example.com/magaya.
```

ఫార్మాటింగ్‌లో నేను పట్టుబట్టేది ఒక్కటే. వర్డ్ నుంచి నేరుగా అతికిస్తే అక్కడి ఫాంటు, సైజు వెంట వచ్చి ఒక పేరా పెద్దగా, ఇంకో పేరా చిన్నగా పడుతుంది. క్రోమ్‌లోనైతే Ctrl+Shift+V తో ఉత్త అక్షరాల్నే అతికించి, ఉపశీర్షికలు మళ్లీ పెట్టుకోవడం మేలు.

ఇక ఫోను. కంప్యూటర్‌లో ముచ్చటగా కనిపించిన కొలతల పట్టికలో మూడు నిలువు వరసలున్నాయనుకోండి: సరుకు, కొలత, గమనిక. ఫోన్ తెర మీద రెండో వరస సగానికి తెగి ‘200’లో ‘20’ మాత్రమే కనిపించవచ్చు. సరిచూసిన అంకే మళ్లీ తప్పవుతుంది. అప్పుడు గమనికల వరస తీసేసి వాటిని కింద పేరాగా రాయాలి. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటల్లో ఒత్తుల కింది భాగం తెగిందా, కింది వరసకు తగిలిందా అన్నదీ చూడాలి. తగిలితే వరసల మధ్య ఎడం పెంచాలి. బ్రౌజర్‌లోని మొబైల్ ప్రివ్యూ కొంతవరకే పనికొస్తుంది. చవకరకం ఫోన్ ఒకటి చేతిలోకి తీసుకుని, అందులో అక్షరాల సైజు పెద్దది చేసి చూస్తే పెద్దవాళ్లకు వ్యాసం ఎలా కనబడుతుందో తెలుస్తుంది.

ఇవన్నీ అయ్యాక ఎవరైనా ఒక మాట మార్చారంటే ఆ పేరా మొత్తం మళ్లీ చదవాల్సిందే. ఆఖరి నిమిషంలో దిద్దిన వాక్యంలోనే క్రియ రెండుసార్లు మిగిలిపోతుంటుంది. పబ్లిష్ అయ్యాక లింకును వాట్సాప్‌లో ఎవరికైనా పంపి, శీర్షిక, ఫొటో సరిగా వస్తున్నాయో చూడాలి. అప్పటికీ కొలత తప్పు బయటపడితే గుట్టుగా మార్చేసి ఊరుకోకూడదు. ‘ఉప్పు 20 గ్రాములని పొరపాటున పడింది, 200 గ్రాములు అని చదువుకోగలరు’ అని తేదీతో సహా వ్యాసం మొదట్లోనే రాయాలి. ఈపాటికే ముక్కలు కలిపినవాళ్లు మిగతా ఉప్పు వేసుకోవచ్చు.