పాలున్నా చేపు రాదెందుకు?

బిడ్డ రొమ్ము పట్టగానే తల్లి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రెండు హార్మోన్లను వదులుతుంది. ప్రొలాక్టిన్ పాలు తయారు చేయిస్తుంది. ఆక్సిటోసిన్ పాల తిత్తుల చుట్టూ ఉన్న కండర కణాలను బిగించి, ఉన్న పాలను నాళాల్లోకి నెడుతుంది. అదే చేపు.

1948లో అమెరికాలో మైఖేల్, నైల్స్ న్యూటన్ దంపతులు దీన్ని పరీక్షించారు. పాలిచ్చిన తల్లి నైల్సే. మామూలుగా ఉన్నప్పుడు బిడ్డ సగటున సుమారు 168 గ్రాములు తాగింది. ఆమె కాళ్లు మంచునీళ్లలో పెట్టించి, కాలివేళ్లు లాగి, లెక్కలు అడిగి చికాకు పెడితే 99 గ్రాములే. అదే చికాకులో ఆక్సిటోసిన్ సూది వేస్తే 153కు పెరిగింది. అంటే పాలు ఇంకిపోలేదు, దిగడమే తగ్గింది.

నొప్పి, భయం, దిగులు ఆక్సిటోసిన్ విడుదలను అడ్డుకుంటాయి. అలసిన తల్లికి అందుకే పాలు లేవనిపిస్తుంది. అయితే రోజుల తరబడి రొమ్ము ఖాళీ కాకపోతే, నిలిచిన పాలే కొత్త పాల తయారీని తగ్గిస్తాయి.

బిడ్డకు చాలుతున్నాయో లేదో రొమ్ము బరువును బట్టి తేల్చకూడదు. అయిదో రోజు దాటాక బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే చాలుతున్నట్టే. లేదంటే వైద్యులకు చూపించాలి.