ఒక్క ప్రశ్నకు ఎన్ని రాత్రులు?

భీమవరంలో ఇద్దరు కలిసి నడిపే చిన్న అకౌంట్స్ ఆఫీసు ఉందనుకుందాం. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక బేకరీకి లెక్కలు రాస్తారు. మంగళవారం సాయంత్రం 4 గంటలకు బేకరీ యజమాని మెయిల్ పెట్టాడు: బ్యాంకు లోను కోసం ఆగస్టు లాభనష్టాల పట్టిక కావాలి.

అప్పటికి భీమవరంలో బుధవారం తెల్లవారుజామున 1:30. ఉదయం 9కి ఆఫీసు తెరిచి మెయిల్ చూశారు. పట్టిక తయారుచేస్తుంటే ఒక అనుమానం. ఫ్రిజ్‌ల కంపెనీకి కట్టిన 1,800 డాలర్లు రిపేరు ఖర్చా, కొత్త ఫ్రిజ్ ధరా? అదే అడుగుతూ 10 గంటలకు మెయిల్ పెట్టి, పని పక్కన పెట్టారు. అప్పుడు అక్కడ అర్ధరాత్రి దాటింది. యజమాని బుధవారం ఉదయం 9కి ఆ ప్రశ్న చూసి 10 గంటలకల్లా జవాబిచ్చాడు. ఇక్కడ రాత్రి 7:30, ఆఫీసు మూసేశారు. గురువారం ఉదయం జవాబు చూసి, మధ్యాహ్నానికి పట్టిక పంపారు. అతను దాన్ని చూసేసరికి అక్కడ గురువారం ఉదయం 9.

పని మూడు గంటలది. అతను ఎదురుచూసింది 41 గంటలు. ఇక్కడ ఎవరూ బద్ధకించలేదు, అడగాల్సిందే అడిగారు. కానీ ఆ ఒక్క ప్రశ్నతో పని ఇంకో రాత్రి దాటింది. దూరదేశపు క్లయింటుకు మనం నిదానం అనిపించేది ఇలాగే. మనం ఎన్ని గంటలు కూర్చున్నామో అతనికి కనిపించదు. తన పని ఎన్ని రాత్రులు దాటిందో మాత్రం తెలుస్తుంది. అందుకే తగ్గించుకోవాల్సింది రాత్రుల లెక్క. దానికోసం రాత్రంతా మేలుకోనక్కర్లేదు.

మొదటి మార్గం, ప్రశ్నతో పాటే పనీ పంపడం. ఆ బుధవారం ఉదయమే పట్టిక పూర్తిచేసి ఇలా రాయవచ్చు: "పట్టిక జత చేశాం. ఫ్రిజ్‌ల కంపెనీకి కట్టిన 1,800 డాలర్లను రిపేరు ఖర్చుగా రాశాం, ఎందుకంటే మార్చిలో వాళ్లకు కట్టింది కూడా రిపేరుకే. ఇది కొత్త ఫ్రిజ్ అయితే 'కొత్తది' అని ఒక్క మాట రాయండి. లాభం దాదాపు అంత మేరకు పెరుగుతుంది. మార్చిన పట్టిక మీ రేపటి ఉదయానికి మీ దగ్గరుంటుంది." బుధవారం ఉదయం 9కి మెయిల్ తెరిచేసరికి అతనికి పని కనిపిస్తుంది. మన అంచనా సరైనదైతే 17 గంటల్లో ముగిసినట్టే. తప్పయినా పాత పద్ధతికన్నా ఆలస్యం కాదు.

ఈ మెయిల్‌లో నాలుగు విషయాలున్నాయి: మనం ఏమనుకున్నాం, ఎందుకనుకున్నాం, తప్పయితే ఏం మారుతుంది, ఎప్పటికి మారుస్తాం. నాలుగింటిలో ఏది లేకపోయినా అతను మళ్లీ అడగాల్సి వస్తుంది. అప్పుడు ఇంకో రాత్రి పోతుంది.

అయితే అన్నింటికీ ఇలా ఊహించుకుని చేయకూడదు. డబ్బు పంపడం, పన్ను రిటర్ను దాఖలు చేయడం, ఫైళ్లు చెరిపేయడం లాంటి వెనక్కి తీసుకోలేని పనులకు అతని మాట వచ్చేదాకా ఆగాల్సిందే. వాటికోసమే ఇద్దరూ మెలకువగా ఉండే వేళ కొంత కావాలి. ఒహాయోలో ఉదయం 9 నుంచి 11 అంటే వేసవిలో మనకు సాయంత్రం 6:30 నుంచి 8:30. ఇద్దరిలో ఒకరు ఆ రోజు ఆలస్యంగా వచ్చి ఆ రెండు గంటలూ ఫోన్‌కు అందుబాటులో ఉంటే చాలు. క్లయింటు కాలిఫోర్నియాలో ఉంటే మాత్రం సాయంత్రాలు నప్పవు. అక్కడ ఉదయం 9 అయ్యేసరికి మనకు రాత్రి 9:30. అలాంటివారికి మన తెల్లవారుజామే మంచిది. ఇక్కడ ఉదయం 6 అంటే వేసవిలో వాళ్లకు ముందురోజు సాయంత్రం 5:30.

కుదిరిన వేళను మెయిల్ చివర క్లయింటు గడియారం ప్రకారమే రాయాలి. లెక్క కట్టుకునే పని అతనికి పెట్టకూడదు. ఎప్పుడో రాత్రి 2 గంటలకు మెలకువ వచ్చి వెంటనే జవాబిచ్చే అలవాటు కూడా మంచిది కాదు. ఒకసారి అలా ఇస్తే ఆ వేళకు జవాబు రావడం మామూలనుకుంటాడు. మర్నాడు రాకపోతే అదే ఆలస్యంగా తోస్తుంది.

ఏడాదికి రెండుసార్లు ఈ లెక్క తప్పుతుంది. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతాయి. మనం జరపం. కాబట్టి నవంబరు నుంచి ఒహాయోలో ఉదయం 9 అంటే మనకు 7:30. బ్రిటన్‌లో ఈ మార్పు మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో జరుగుతుంది. అందువల్ల రెండు దేశాల క్లయింట్లూ ఉన్నవాళ్లకు మార్చిలో రెండు మూడు వారాలు పాత లెక్కలేవీ కుదరవు. క్యాలెండర్‌లో మీటింగ్ పెట్టేటప్పుడు మన టైమ్ కాకుండా `America/New_York` ఎంచుకుంటే ఈ మార్పును అదే చూసుకుంటుంది. `EST` అని స్థిరంగా పెడితే వేసవిలో గంట తేడా వస్తుంది.

ఇక కరెంటు, నెట్. చాలామంది రెండు కంపెనీల ఫైబర్ కనెక్షన్లు తీసుకుని నిశ్చింతగా ఉంటారు. వీధిలోకి వెళ్లి చూస్తే రెండు తీగలూ ఒకే స్తంభం మీదుగా వస్తుంటాయి. గాలివానకు ఆ స్తంభం ఒరిగితే రెండూ పోతాయి. రెండో దారి మొబైల్ డేటా అయితేనే అది నిజంగా రెండో దారి. ఇన్వర్టర్‌కు కంప్యూటర్‌తో పాటు రౌటర్, దానికి ముందుండే ఫైబర్ పెట్టె కూడా కలపాలి. అది మర్చిపోతే కంప్యూటర్ వెలుగుతూనే ఉంటుంది, నెట్ ఉండదు. ఒక పనిరోజున కావాలనే ఫైబర్ తీసేసి, మొబైల్ డేటా మీద వీడియో కాల్ మాట్లాడి చూస్తే లోపం ముందే బయటపడుతుంది. తుపాను హెచ్చరిక వస్తే ఇంకా జాగ్రత్త పడాలి. కరెంటు గంటల తరబడి లేకపోతే టవర్ల బ్యాటరీలూ అయిపోతాయి. కాబట్టి నెట్ ఉండగానే క్లయింటుకు మెయిల్ పెట్టేయాలి.

సెలవులకూ ఇదే సూత్రం. భీమవరంలో సంక్రాంతికి ఆఫీసు తెరిచేవాళ్లు ఎవరు? కానీ అమెరికాలో ఉద్యోగులకు, కాంట్రాక్టర్లకు కట్టిన డబ్బు వివరాల ఫారాలు ఇవ్వడానికి గడువు జనవరి 31. పండగ సరిగ్గా ఆ హడావుడి మధ్యలో వస్తుంది. డిసెంబరు మొదటి వారంలోనే "జనవరి 13 నుంచి 16 దాకా మేం ఉండం, కాంట్రాక్టర్ల వివరాలు 5వ తేదీలోగా పంపండి" అని రాస్తే అది ప్రణాళిక అవుతుంది. అదే మాట 12న రాస్తే ఎగ్గొట్టినట్టు ఉంటుంది.

ఇవన్నీ పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. నెలకోసారి చివరి పది పనుల మెయిళ్లు తీసి, అడిగిన వేళ నుంచి క్లయింటు చేతికి అందిన వేళ దాకా ఒక్కో పని ఎన్ని రాత్రులు దాటిందో పక్కన రాసుకోవాలి. రెండు, అంతకు మించి ఉన్న ప్రతి పనిలోనూ మనం పంపిన ఏ మెయిల్ వల్ల ఆ అదనపు రాత్రి పోయిందో వెతకాలి. "ఆ పని ఏమైంది?" అని క్లయింటు తనంతట తాను అడిగిన మెయిళ్లనూ లెక్కపెట్టాలి. అలా అడిగిన ప్రతిసారీ మనం ముందుగా చెప్పాల్సిన మాట ఒకటి చెప్పలేదన్నమాట. ఆ మెయిళ్లు తగ్గుతుంటే, మన ఊరు ఎంత దూరంలో ఉందన్న ఆలోచన అతనికి రావడం తగ్గుతున్నట్టే.